నలుగురు క్లయింట్లు, ఒకటే బిల్లుల వరుస: ఫ్రీలాన్సర్లు ఇన్వాయిస్ నంబర్లు ఎలా వేసుకోవాలి

మొదట్లో నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే మీలో చాలామంది ఇప్పుడు అదే చేస్తుండొచ్చు. నేను హైదరాబాద్‌లో అనువాదాలు, కంటెంట్ పని చేస్తాను. అప్పట్లో ఒక్కో క్లయింట్‌కి ఒక్కో ఫోల్డర్, ఆ ఫోల్డర్‌లో 001, 002, 003 అని బిల్లులు. ఏప్రిల్ రాగానే మళ్లీ అందరికీ 001. చూడ్డానికి నీటుగానే ఉండేది. ఒక రోజు ఒక కంపెనీ అకౌంట్స్ నుంచి ఫోన్: "సార్, ఈ 003 బిల్లు మీకు పోయినేడాదే కట్టేశాం కదా, మళ్లీ పంపారేంటి?" వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఒకే వెండర్ పేరు మీద ఒకే నంబర్ రెండోసారి ఎక్కించబోతే డూప్లికేట్ అని ఆపేసింది. తప్పు నాదే. నంబర్ మార్చి మళ్లీ పంపి, మళ్లీ అప్రూవల్‌కి వెళ్లి, డబ్బు చేతికొచ్చేసరికి నెల దాటింది.

ఆ తర్వాత నేను పెట్టుకున్న పద్ధతి ఇది. పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, ఒక గూగుల్ షీట్, నెలలో రెండు మూడు గంటలు చాలు.

మొదటి పని: నంబర్ రూపం తేల్చుకోండి

క్లయింట్లు ఎందరున్నా వరుస ఒక్కటే పెట్టండి. క్లయింట్‌కో వరుస వద్దు. జీఎస్‌టీ రూల్స్‌లో 46వ నియమం ఒకటి కంటే ఎక్కువ వరుసలు ఉండొచ్చనే అంటుంది, కాబట్టి అది చట్టానికి విరుద్ధమేమీ కాదు. కానీ నలుగురికి నాలుగు వరుసలు నడిపితే మధ్యలో ఏ నంబర్ ఎగిరిపోయిందో మీకే తెలియదు. ఒకటే వరుసైతే 28 తర్వాత 30 కనబడగానే 29 ఏమైందని ఆ రోజే వెతుక్కుంటారు.

ఆ నియమం చెప్పేవి ఇంకో నాలుగున్నాయి. నంబర్ వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. అక్షరాలు, అంకెలు, హైఫన్, స్లాష్ తప్ప వేరే గుర్తులు వాడకూడదు. మీకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ లేకపోయినా ఇదే పాటించండి, రేపు తీసుకున్నప్పుడు మార్చాల్సిన పనుండదు. నేను వాడే రూపం:

```
RK-2526-028
```

ముందు మీ పేరులోని రెండు అక్షరాలు, తర్వాత ఆర్థిక సంవత్సరం (2025-26), తర్వాత మూడంకెల వరుస సంఖ్య. మొత్తం 11 అక్షరాలు. ఇందులో ప్రతిదానికీ ఒక కారణం ఉంది. సంవత్సరం ఎందుకంటే పైన చెప్పిన 003 గొడవ రాకుండా. ముందు అక్షరాలు ఎందుకంటే `2526/01` లాంటిది షీట్‌లో కొడితే అది తేదీ అనుకుని మార్చేసే ప్రమాదం ఉంది, ఉత్తి `028` కొడితే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. అక్షరంతో మొదలైతే ఈ రెండూ జరగవు. స్లాష్‌కి బదులు హైఫన్ ఎందుకంటే విండోస్‌లో ఫైల్ పేరులో స్లాష్ పెట్టనివ్వదు, బిల్లు మీద ఒక రకంగా, పీడీఎఫ్ పేరులో ఇంకో రకంగా ఉంటే వెతుక్కోవడం నరకం. నా ఫైళ్ల పేర్లు అన్నీ నంబర్‌తోనే మొదలవుతాయి, చివర క్లయింట్ పొట్టి పేరు ఉంటుంది. క్లయింట్ పేరు ఉండాల్సిన చోటు అదే, నంబర్‌లో కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కొందరు 001 అని వేస్తే మనం కొత్తవాళ్లమని తెలిసిపోతుందని భయపడతారు. 101తో మొదలుపెట్టండి, ఎవరూ కాదనరు. అక్కణ్నుంచి వరుస తప్పకపోతే చాలు.

ఇప్పటికే సంవత్సరం మధ్యలో ఉండి నంబర్లు గజిబిజిగా ఉంటే పాత బిల్లులు దిద్దకండి. అవి వెళ్లిన నంబర్లతోనే ఉండనివ్వండి. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కొత్త వరుస మొదలుపెట్టి, షీట్‌లో పైన ఎప్పటినుంచి మారిందో ఒక లైన్ రాసుకోండి.

రెండో పని: రిజిస్టర్

ఒకే షీట్, ఒక బిల్లుకి ఒక వరుస. నిలువు గళ్లు ఇలా పెట్టండి: A నంబర్, B బిల్లు తేదీ, C క్లయింట్, D గడువు తేదీ, E పని విలువ, F జీఎస్‌టీ, G టీడీఎస్, H బ్యాంకులో పడింది, I బాకీ, J గమనిక. I గడిలో:

```
=E2+F2-G2-H2
```

జీఎస్‌టీ లేనివాళ్లు F గడిలో సున్నా పెట్టుకుంటే సరిపోతుంది. గడువు దాటి ఎన్ని రోజులైందో తెలియాలంటే K గడిలో:

```
=IF(AND(I2>0,TODAY()>D2),TODAY()-D2,"")
```

ఇక్కడ ఒక జాగ్రత్త. నంబర్ కూడా ఫార్ములాతోనే వచ్చేలా కొందరు పెట్టుకుంటారు, అంటే వరుస ఎన్నోదో చూసి అదే నంబర్ వేసేలా. ఆ పని చేయకండి. ఒక రోజు క్లయింట్ పేరుతో షీట్‌ని సార్ట్ చేస్తారు, నంబర్లన్నీ అటూ ఇటూ అయిపోతాయి, పంపేసిన పీడీఎఫ్ మీద ఒకటి, షీట్‌లో ఇంకొకటి. నంబర్ చేత్తోనే కొట్టండి.

ఇంకో అలవాటు, ఇది చిన్నదే కానీ నన్ను చాలాసార్లు కాపాడింది. ముందు షీట్‌లో వరుస రాయాలి, తర్వాతే బిల్లు తయారుచేయాలి. బిల్లు చేసేసి షీట్‌లో తర్వాత ఎక్కిద్దాంలే అనుకున్న రోజే రెండు బిల్లులకి ఒకే నంబర్ పడుతుంది, ఎందుకంటే మనం పోయినసారి ఫైల్ తెరిచి, పేరు మార్చి, మొత్తం మార్చి, నంబర్ మార్చడం మర్చిపోతాం.

మూడో పని: పని చిట్టా

రిజిస్టర్ వేరు, పని చిట్టా వేరు. రెండో షీట్‌లో శుక్రవారం సాయంత్రం ఒక పావుగంట కూర్చుని ఆ వారం ఎవరికి ఏం చేశారో రాయండి: తేదీ, క్లయింట్, పని, ఎంత (పేజీలో, గంటలో, పదాలో), రేటు, చివర్లో బిల్లు నంబర్ అని ఒక ఖాళీ గడి. నెలాఖరున బిల్లు వేసినప్పుడు ఆ ఖాళీ గడిలో నంబర్ నింపండి. ఖాళీగా మిగిలిన వరుస అంటే బిల్లు వేయని పని. నంబర్ పడిందంటే ఇంకోసారి వేయకూడదు. ఒకేసారి నలుగురికి చేసేవాళ్లకి డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. వాట్సాప్‌లో "ఇదొక్కటి చూసిపెట్టండి" అన్న రెండు వేల రూపాయల పనులు నెలాఖరుకి మనకే గుర్తుండవు.

నాలుగో పని: బిల్లు పంపే ముందు ఒక్కసారి అడగాల్సినవి

కొత్త క్లయింట్ దగ్గర మొదటి బిల్లుకి ముందే అకౌంట్స్‌లో ఎవరికి పంపాలి, పీఓ అంటే పర్చేజ్ ఆర్డర్ నంబర్ ఉండాలా, నెలలో ఏ తారీఖులోపు అందాలి, డబ్బు ఏ రోజు వేస్తారు అని అడిగేయండి. మనతో రోజూ మాట్లాడే మేనేజర్‌కి బిల్లు పంపి ఊరుకుంటే అది ఆయన మెయిల్‌లోనే పడుంటుంది. పీఓ నంబర్ లేని బిల్లుని కొన్ని కంపెనీల్లో అసలు ఎక్కించరు, ఎక్కించలేదని మనకి చెప్పరు కూడా. 25లోపు బిల్లు అందాలనే కంపెనీకి మీరు 30న పంపితే ఆ డబ్బు ఒక నెల వెనక్కి పోయినట్టే. ఈ జవాబులన్నీ మూడో షీట్‌లో క్లయింట్‌కో వరుస చొప్పున ఉండాలి, వాళ్ల పూర్తి పేరు, చిరునామా, జీఎస్‌టీ నంబర్‌తో సహా.

గడువు తేదీని "30 రోజుల్లో" అని కాకుండా తేదీగానే రాయండి. కంపెనీలు 60, 90 రోజులంటే ఒప్పేసుకోనక్కర్లేదు. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే (పోర్టల్‌లో ఉచితమే, డబ్బులడిగేవాళ్లు మధ్యవర్తులు) సూక్ష్మ, చిన్న సంస్థల కింద మీకు 45 రోజుల్లోపే చెల్లించాలి, అదీ రాతపూర్వకంగా ఒప్పందం ఉంటేనే. లేకపోతే 15 రోజులే. అంతేకాదు, 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను మార్పు వల్ల ఆ గడువు దాటించిన కంపెనీ, ఆ ఖర్చుని నిజంగా కట్టిన సంవత్సరంలోనే చూపించుకోగలదు. అందుకే మార్చి నెలలో కొన్ని కంపెనీల నుంచి "మీకు ఉద్యమ్ ఉందా" అని మెయిల్స్ వస్తుంటాయి. ఉంటే ఆ నంబర్ బిల్లు మీద వేయండి, గొడవపడకుండానే పని జరుగుతుంది.

ఐదో పని: నెలాఖరు, ఒక నెల బిల్లులు వేసి చూద్దాం

2025 నవంబర్ అనుకుందాం. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంది, అక్టోబర్ 027తో ముగిసింది. నలుగురు క్లయింట్లు: హైదరాబాద్‌లో ఒక యాడ్ ఏజెన్సీ (నెలకి 25,000 ఖాయం), బెంగళూరులో ఒక యాప్ కంపెనీ (ఈ నెల 60,000), విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్ (బ్రోచర్‌కి 12,000), హైదరాబాద్‌లో ఒక ప్రచురణ సంస్థ (48 పేజీలు, పేజీకి 300, మొత్తం 14,400).

నవంబర్ 29 లేదా 30న కూర్చుని పని చిట్టా తెరిచి, నాలుగు వరుసలు రిజిస్టర్‌లో ఒకేసారి రాసేయండి, 028 నుంచి 031 దాకా, అన్నిటికీ ఒకటే తేదీ. తేదీ ముందుకెళ్తుంటే నంబర్ కూడా ముందుకే వెళ్లాలి. 030 బిల్లు 28వ తేదీది, 029 బిల్లు 30వ తేదీది అయితే చూసినవాళ్లకి వెనక తేదీ వేశారేమోనని అనుమానం వస్తుంది. మధ్యలో ఎవరైనా 25లోపు కావాలంటే వాళ్లది ముందు వేసేయండి, వాళ్లకి 028 వెళ్తుంది, అంతే.

ఏజెన్సీ, ప్రచురణ సంస్థ తెలంగాణలోనే ఉన్నాయి కాబట్టి 18 శాతం పన్నుని సీజీఎస్‌టీ 9, ఎస్‌జీఎస్‌టీ 9గా విడగొట్టాలి. బెంగళూరుకి ఐజీఎస్‌టీ 18. విజయవాడకి కూడా ఐజీఎస్‌టీయే. మనకి అది పక్కూరిలా అనిపిస్తుంది కానీ జీఎస్‌టీ లెక్కలో తెలంగాణ కోడ్ 36, ఆంధ్రప్రదేశ్‌ది 37, కాబట్టి వేరే రాష్ట్రమే. ఇది తప్పు వేసేవాళ్లని నేను చాలామందిని చూశాను.

జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ లేనివాళ్లు, అంటే మన రెండు రాష్ట్రాల్లో సేవలకి ఏడాదికి 20 లక్షలు దాటనివాళ్లలో చాలామంది, పైన "టాక్స్ ఇన్వాయిస్" అని రాయకూడదు, పన్ను వసూలు చేయకూడదు. "ఇన్వాయిస్" అని రాసి పాన్, బ్యాంక్ వివరాలు ఇస్తే సరి.

ఆరో పని: డబ్బు పడ్డ రోజు

చాలామంది బిల్లు పంపడం వరకు బాగానే చేస్తారు, డబ్బు పడ్డాక చూడరు. బెంగళూరు బిల్లునే తీసుకోండి. 60,000 మీద ఐజీఎస్‌టీ 10,800, మొత్తం 70,800. వాళ్లు ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం టీడీఎస్ కోస్తారు. బిల్లులో జీఎస్‌టీ విడిగా చూపించారు కాబట్టి ఆ 10 శాతం 60,000 మీదే, అంటే 6,000. మీ ఖాతాలో 64,800 పడాలి. షీట్‌లో G గడిలో 6,000, H గడిలో 64,800 రాస్తే బాకీ సున్నా అవుతుంది.

అలా కాకుండా 63,720 పడిందనుకోండి. 1,080 తక్కువ. ఈ 1,080 ఎక్కడిదో లెక్క వేస్తే అది 10,800లో సరిగ్గా పదో వంతు, అంటే మొత్తం 70,800 మీద టీడీఎస్ కోసేశారు. డబ్బు ఎక్కడికీ పోదు, మీ పాన్ మీదే జమ అవుతుంది, కానీ రిటర్న్ వేసి రీఫండ్ వచ్చేదాకా మీ చేతిలో ఉండదు. చెప్తే వచ్చే నెల నుంచి సరిచేస్తారు. ఇక పడింది 58,800 అయితే 20 శాతం కోశారన్నమాట, అలా కోశారంటే సాధారణంగా మీ పాన్ వాళ్ల దగ్గర లేదనో, తప్పుగా ఎక్కిందనో అర్థం. వెంటనే ఫోన్ చేయండి.

రేటు అందరికీ 10 శాతమే ఉండదు. పనిని టెక్నికల్ సేవగానో కాంట్రాక్టుగానో చూసి 2 శాతం, 1 శాతం కోసే కంపెనీలూ ఉంటాయి. ప్రొఫెషనల్ ఫీజులో ఏడాది మొత్తం 50,000 దాటకపోతే కోయరు (2025 ఏప్రిల్‌కి ముందు ఇది 30,000 ఉండేది), కాబట్టి ప్రచురణ సంస్థ మొదటి మూడు బిల్లులకి ఏమీ కోయకుండా నాలుగోదానికి ఒక్కసారిగా ఎక్కువ కోస్తే కంగారు పడకండి, దాటిన నెలలో పాతవాటికి కూడా కలిపి కోసి ఉంటారు. కోచింగ్ సెంటర్ నడిపేది ఒక వ్యక్తి అయితే, వ్యాపారం చిన్నదైతే, అసలు కోయకపోవచ్చు. అందుకే G గడిలో ముందే అంచనా వేసి నింపకండి, డబ్బు పడ్డాక ఎంత కోశారో చూసి నింపండి.

కోశారు సరే, మీ పాన్ మీద కట్టారా? కంపెనీలు టీడీఎస్ రిటర్న్ మూడు నెలలకోసారి వేస్తాయి, గడువులు జులై 31, అక్టోబర్ 31, జనవరి 31, మే 31. కాబట్టి ఆగస్టు, నవంబర్, ఫిబ్రవరి, జూన్ నెలల మధ్యలో ఒకసారి ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో, మనం 26ఏఎస్ అని పిలుచుకునే స్టేట్‌మెంట్ తెరిచి, క్లయింట్ వారీగా మీ G గడి మొత్తంతో పోల్చండి. తేడా ఉంటే అప్పుడే అడగండి. మీ రిటర్న్ వేసేటప్పుడు అడిగితే ఆ అకౌంటెంట్ ఉద్యోగం మారిపోయి ఉంటాడు.

గడువు దాటితే

వారానికి ఒక రోజు, నాకైతే సోమవారం పొద్దున, K గడిలో అంకె కనబడిన వాళ్లకి మాత్రమే మెసేజ్ పెడతాను. బతిమాలుకోవడం ఉండదు, వివరాలే ఉంటాయి:

"నమస్తే మేడమ్. RK-2526-029, 30 నవంబర్ బిల్లు, 70,800. గడువు డిసెంబర్ 30న అయిపోయింది. ఇది ఏ దశలో ఉందో, ఏ రోజు పేమెంట్ లిస్టులో ఉందో చెప్పగలరా? పీడీఎఫ్ మళ్లీ జతచేశాను."

"డబ్బులెప్పుడు వేస్తారు" అంటే "చూస్తామండీ" అని వస్తుంది. "ఏ దశలో ఉంది" అంటే అవతలివాళ్లు వెతికి చూడాల్సి వస్తుంది, సగం సార్లు బిల్లు అసలు ఎక్కలేదని అప్పుడే బయటపడుతుంది. మళ్లీ పంపేటప్పుడు అదే పీడీఎఫ్, అదే నంబర్, అదే తేదీతో పంపండి.

తప్పు పడితే

బిల్లు వేశారు, ఇంకా పంపలేదు, తప్పుంది. మొత్తం దిద్దేసుకోవచ్చు. పంపేశాక మాత్రం అదే నంబర్‌తో లోపల అంకెలు మార్చి "రివైజ్డ్", "ఫైనల్ రివైజ్డ్" అని పంపకండి. వాళ్ల దగ్గర ఒకే నంబర్‌తో రెండు కాగితాలుంటాయి, దేనికి కట్టారో ఎవరికీ తెలియదు. పాతదాన్ని రద్దు చేస్తున్నట్టు మెయిల్‌లో రాసి, రిజిస్టర్‌లో J గడిలో "రద్దు, బదులుగా 033" అని పెట్టి, మొత్తాలు సున్నా చేసి, వరుసని మాత్రం అలాగే ఉంచండి. డిలీట్ చేయకండి. జీఎస్‌టీలో జీఎస్‌టీఆర్-1 వేసేటప్పుడు ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా ఇచ్చారు, అందులో ఎన్ని రద్దయ్యాయి అని 13వ పట్టికలో అడుగుతారు, అప్పుడు ఆ వరుస కావాలి. ఆ బిల్లుకి రిటర్న్ కూడా వేసేసి ఉంటే రద్దు కుదరదు, మొత్తం తగ్గించాలంటే క్రెడిట్ నోట్ ఇవ్వాలి, దానికి విడిగా `RKC-2526-001` లాంటి వరుస పెట్టుకోండి.

కొందరు క్లయింట్లు అప్రూవల్ కోసమో అడ్వాన్స్ కోసమో పని కాకముందే బిల్లు అడుగుతారు. వాళ్లకి అసలు నంబర్ ఇవ్వకండి. పైన ప్రొఫార్మా అని రాసి `PF-01` అని వేరే లెక్కలో ఇవ్వండి. ఆ పని ఆగిపోతే మీ వరుసలో కన్నం పడదు.

మార్చి నెల సంగతి

మిగతా నెలల్లో రెండు రోజులు అటూ ఇటూ అయినా నడుస్తుంది, మార్చిలో నడవదు. మార్చి పనికి ఏప్రిల్ 2న బిల్లు వేస్తే దానికి కొత్త సంవత్సరం నంబర్ పడుతుంది, తేదీ కూడా ఏప్రిల్‌దే. క్లయింట్ మాత్రం ఆ ఖర్చుని మార్చిలోనే రాసుకుని టీడీఎస్ కూడా మార్చి లెక్కలో కట్టేయొచ్చు. అప్పుడు మీ స్టేట్‌మెంట్‌లో ఆదాయం ఒక సంవత్సరం, మీ బిల్లు ఇంకో సంవత్సరం. అలాగని ఏప్రిల్‌లో కూర్చుని మార్చి 31 తేదీ వేయకండి. మార్చి 28 నుంచే ఆ పని పెట్టుకుని, చిట్టాలో ఖాళీ గడి ఒక్కటి కూడా లేకుండా 31 సాయంత్రానికి పంపేయండి.

విదేశీ క్లయింట్ ఉంటే వాళ్లకీ ఇదే వరుస, బిల్లు డాలర్లలో, రిజిస్టర్‌లో రూపాయల్లో. జీఎస్‌టీ ఉన్నవాళ్లు పన్ను లేకుండా ఆ బిల్లు ఇవ్వాలంటే ఎల్‌యూటీ అనే హామీ పత్రం ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా పెట్టాలి, అది కూడా ఈ మార్చి వారంలోనే చేసేస్తే మర్చిపోరు.

ఏప్రిల్ 1న షీట్‌ని కాపీ చేసి కొత్త పేరు పెట్టి, వరుసలన్నీ ఖాళీ చేసి, మొదటి గడిలో `RK-2627-001` కొట్టండి. బాకీ ఉన్న పాత బిల్లులు కొత్త షీట్‌లోకి తేకండి, అవి పాత షీట్‌లోనే ఉండి అక్కడే తీరాలి. సోమవారం పొద్దున రెండు షీట్లూ తెరవాలి, పాతదాంట్లో K గడులన్నీ ఖాళీ అయ్యేదాకా.